లోపం ఏ వైపు లాగుతోంది?

(అనంతపురంలో పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. కర్నూలు, కడప నుంచి కూడా వచ్చినారని చెప్పారు, సంతోషం. బస్సు టైము చూసుకునేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

థీసిస్‌లో అన్నిటికంటే తొందరగా రాసి పడేసే భాగం లిమిటేషన్స్. ఎంత తొందరగా రాస్తామో చదవగానే తెలిసిపోతుంది. ఎవరి థీసిస్ తెరిచినా దాదాపు ఈ నాలుగు వాక్యాలే ఉంటాయి: "ఇది క్రాస్ సెక్షనల్ అధ్యయనం కాబట్టి కార్యకారణ సంబంధం చెప్పలేము. శాంపిల్ చిన్నది. ఈ ఫలితాలను ఇతర ప్రాంతాలకు అన్వయించలేము. మరింత పరిశోధన అవసరం."

ఈ నాలుగు వాక్యాలనూ కత్తిరించి మీ పక్క సీట్లో కూర్చున్నవాళ్ల థీసిస్‌లో అతికించండి. వాళ్లది వేరుశనగ మార్కెట్ కావచ్చు, డ్వాక్రా సంఘాలు కావచ్చు. అక్కడా చక్కగా సరిపోతాయి. ఎక్కడైనా సరిపోయే వాక్యం మీ అధ్యయనం గురించి ఏమీ చెప్పనట్టే. అందులో నిజాయితీ కూడా లేదు. ఒప్పుకున్నట్టు కనిపిస్తూ ఏమీ ఒప్పుకోకపోవడం అది.

ఇంకోరకం వాళ్లూ ఉన్నారు. భయస్తులు. ప్రశ్నాపత్రం బాగాలేదు, శాంపిల్ బాగాలేదు, కొలత బాగాలేదు, నాకు అనుభవం లేదు అని రెండు పేజీలు రాస్తారు. అది చదివిన ఎగ్జామినర్ "మరి ఈ పని ఎందుకు చేసినావమ్మా?" అని అడుగుతాడు. ఆయన అడగడంలో తప్పులేదు.

ఈ రెండు రకాలకూ జబ్బు ఒక్కటే. లోపం పేరు చెప్తారు గాని, ఆ లోపం వల్ల తమ ఫలితం ఎటు జరిగిందో చెప్పరు. ఎక్కువగా కనిపించిందా, తక్కువగా కనిపించిందా? ఎంత మేరకు? ఏ ఫలితానికి దెబ్బ, దేనికి కాదు? ఆరోగ్య రంగంలో పరిశీలన అధ్యయనాలను ఎలా నివేదించాలో చెప్పే స్ట్రోబ్ మార్గదర్శకాలు 2007లో వచ్చాయి. అందులో 22 అంశాలుంటాయి, 19వది లిమిటేషన్స్. పక్షపాతం ఏ దిశలో ఉందో, ఎంత పరిమాణంలో ఉందో రెండూ చర్చించమని అది స్పష్టంగా అడుగుతుంది. చెక్‌లిస్టులో ఆ గడికి టిక్కు పెట్టనివాళ్లు లేరు. దిశ రాసినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఒక అధ్యయనాన్ని తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. ఇది నేను కల్పించినది, అంకెలన్నీ ఉదాహరణకే, ఎవరూ రాసుకుని పోయి ఎక్కడా ఉటంకించవద్దు. (నవ్వులు) విషయం మాత్రం మనదే: ఫ్లోరైడ్ నీళ్లు, పిల్లల పళ్ల మీద గార.

ఒక పరిశోధక విద్యార్థిని మన జిల్లాలో ఎనిమిది ఊళ్లు ఎంచుకుంది. నాలుగు ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ, నాలుగింటిలో అంతకంటే తక్కువ. తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దూ 1.5, మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించే హద్దూ అదే. ఆ ఊళ్ల బడుల్లో పన్నెండేళ్ల పిల్లల పళ్లు చూసి, ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే గార, ఉందా, ఎంత ఉందా అని డీన్ సూచిక ప్రకారం రాసుకుంది. ఎక్కువ ఫ్లోరైడ్ ఊళ్లలో 160 మందిని చూస్తే 96 మందికి ఉంది, అంటే 60 శాతం. తక్కువ ఊళ్లలో 180 మందిని చూస్తే 36 మందికి, 20 శాతం. ఇంతవరకూ బాగుంది.

ఇప్పుడు లిమిటేషన్స్ రాయాలి. అలవాటు ప్రకారం మొదటి వాక్యం పడింది: "క్రాస్ సెక్షనల్ కాబట్టి కార్యకారణ సంబంధం చెప్పలేము."

కొంచెం ఆగి ఆలోచించండి. ఫ్లోరైడ్ వల్ల పళ్లు గారపడతాయా లేదా అని ఈ అమ్మాయి తేల్చబోయిందా? ఆ సంగతి ఎప్పుడో తేలిపోయింది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి 1937లోనే, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా నుంచి నివేదిక వచ్చింది. పైగా కారణాన్నీ ఫలితాన్నీ ఒకే సమయంలో కొలిచే క్రాస్ సెక్షనల్ అధ్యయనాలకు ఉండే అసలు ఇబ్బంది ఏది ముందు, ఏది వెనుక అన్నది తెలియకపోవడం. పళ్లు గారపడినాయి కాబట్టి బోరులో ఫ్లోరైడ్ పెరిగిందని ఎవరూ అనరు కదా. అంటే ఈమె తన పనికి లేని జబ్బును తనకు అంటగట్టుకుంది. అసలు జబ్బు వేరే చోట ఉంది, దాని ఊసే ఎత్తలేదు.

అదేమిటో చెప్తాను. శాశ్వత దంతాల పింగాణీ పొర చిన్నతనంలోనే తయారైపోతుంది. ముందు పళ్లకైతే నాలుగైదేళ్ల వయసుకే దాదాపు పూర్తవుతుంది. జ్ఞానదంతాలు వదిలేస్తే మిగతావాటికి ఎనిమిదేళ్లలోపు. ఫ్లోరైడ్ ఆ పొరను పాడుచేసేది అది తయారయ్యే కాలంలోనే. తయారైపోయాక ఎంత ఫ్లోరైడ్ తాగినా కొత్తగా ఫ్లోరోసిస్ రాదు. కాబట్టి పన్నెండేళ్ల పిల్ల పళ్ల మీద మనం చదువుతున్నది, ఆ పిల్ల అంగన్‌వాడీకి పోయే రోజుల్లో తాగిన నీళ్ల చరిత్ర. మన విద్యార్థిని సీసాలో పట్టుకున్నది ఈ ఫిబ్రవరిలో బోరు నుంచి వచ్చిన నీళ్లు.

మధ్యలో ఏమేం జరిగి ఉండొచ్చో మీకు నేను చెప్పనక్కరలేదు. పాత బోరు ఎండిపోయి ఇంకోచోట ఇంకా లోతుకు వేసి ఉంటారు. లోతు మారితే నీళ్లలో ఫ్లోరైడూ మారుతుంది. ఆర్వో ప్లాంటు వచ్చి క్యాన్లు మొదలై ఉంటాయి. సత్యసాయి తాగునీటి పథకం పైపులు ఒక వీధికి వచ్చి పక్క వీధికి రాకపోయి ఉంటాయి. కాబట్టి ఈరోజు "తక్కువ ఫ్లోరైడ్" అని రాసుకున్న ఊళ్లో పిల్లలు ఎనిమిదేళ్ల కిందట ఎక్కువ ఫ్లోరైడ్ తాగి ఉండవచ్చు. అటువైపు ఊళ్లోనూ ఇదే సంగతి.

లోపం దొరికింది. ఇక దిశ. ఊళ్లు ఇలా అటూ ఇటూ కలిసిపోతే రెండు వర్గాలూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. నిజంగా ఉన్న తేడా కంటే కనిపించే తేడా సాధారణంగా తగ్గుతుంది. అంటే 60కీ 20కీ మధ్య మనం చూసిన అంతరం, నిజం కంటే తక్కువై ఉండే అవకాశమే ఎక్కువ.

ఇక్కడికి రాగానే చాలామందికి ముఖం వెలిగిపోతుంది. "అబ్బ, లోపం చెప్పినట్టూ ఉంది, నా ఫలితం ఇంకా గట్టిదని చెప్పినట్టూ ఉంది!" పేపర్లు చదివేటప్పుడు గమనించండి. తేడాను తగ్గించే లోపాలనే ఏరి ఏరి రాస్తారు. తేడాను పెంచే లోపం ఒక్కటి కూడా ఉండదు. అలాంటి పేరా కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. ప్రపంచంలోని లోపాలన్నీ ఒకే మనిషికి అనుకూలంగా ఎలా కూడతాయి?

అంతేకాదు, ఇదే లోపాన్ని ఇంకో వైపు నుంచి చూడండి. తక్కువ ఫ్లోరైడ్ ఊళ్లలో 20 శాతం వచ్చింది కదా. దాన్ని పట్టుకుని మన విద్యార్థిని చివర్లో ఒక వాక్యం రాసింది: "1.5 లోపు ఉన్న ఊళ్లలో కూడా ఐదుగురిలో ఒకరికి ఫ్లోరోసిస్ ఉంది, కాబట్టి ఈ హద్దు మన ప్రాంతానికి సరిపోదు." పత్రికలవాళ్లకు నచ్చే వాక్యం. మన ఎండలకు పిల్లలు నీళ్లు ఎక్కువ తాగుతారు కాబట్టి మాట నిజం కూడా కావచ్చు. కానీ ఈ అధ్యయనం నుంచి ఆ మాట రాదు. ఎందుకంటే ఆ 36 మందిలో కొందరు చిన్నప్పుడు పాత బోరు నీళ్లు, అంటే ఎక్కువ ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లు కావచ్చు. రెండు వర్గాల మధ్య తేడాను తగ్గించి చూపిన ఆ లోపమే, ఈ 20 శాతాన్ని పెంచి చూపిస్తుంది.

నేను ఈరోజు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. లోపం అధ్యయనానికి మొత్తంగా అంటుకోదు, ఒక్కో మాటకు ఒక్కో రకంగా అంటుకుంటుంది. "ఎక్కువ ఫ్లోరైడ్ ఊళ్లలో గారపళ్లు ఎక్కువ" అన్న మాటకు నీటి నమూనా లోపం పెద్దగా హాని చెయ్యదు. "1.5 హద్దు చాలదు" అన్న మాటను అదే లోపం కూల్చేస్తుంది. అందుకని లిమిటేషన్స్ రాయడానికి కూర్చున్నప్పుడు ముందు లోపాల జాబితా కాదు, మీరు అన్న మాటల జాబితా రాసుకోండి. మీ ముగింపులో ఉన్న మాటలు మూడో నాలుగో ఉంటాయి. ఒక్కో లోపాన్ని తెచ్చి ఒక్కో మాట పక్కన పెట్టి, దీన్ని ఎటు లాగుతోందని అడగండి.

కూలిపోయిన మాటను ఏం చెయ్యాలి? తీసెయ్యాలి. ముగింపులో గట్టిగా చెప్పి, లిమిటేషన్స్‌లో మెల్లగా వెనక్కి తీసుకోవడం కుదరదు. చదివేవాళ్లలో చాలామంది అబ్‌స్ట్రాక్ట్ దగ్గరే ఆగిపోతారు, మీ క్షమాపణ వాళ్లదాకా పోదు. ఆ మాట తీసేస్తే థీసిస్ చిన్నబోతుందని బెంగ పడకండి. ఉన్న మాట నిలబడాలంటే నిలబడని మాట పక్కన ఉండకూడదు.

సరే, రెండో లోపానికి వద్దాం. ఇది అందరూ దాచేది.

పళ్లు చూసిన డాక్టరు ఆ ఊళ్లకు జీపులో పోయాడు. ఏ ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువో ఆయనకు ముందే తెలుసు. డీన్ సూచికలో స్థాయిలు ఆరు: మామూలు, సందేహాస్పదం, అతి స్వల్పం, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. సందేహాస్పదానికీ అతి స్వల్పానికీ మధ్య గీత ఎంత సన్ననిదో పళ్లు చూసినవాళ్లకు తెలుసు. చిన్న చిన్న తెల్లటి మచ్చలు. వెలుతురు మారితే అభిప్రాయం మారుతుంది. మన విద్యార్థిని అతి స్వల్పం, ఆపైన ఉన్నవన్నీ ఫ్లోరోసిస్‌గా లెక్కపెట్టింది. ఫ్లోరైడ్ ఊళ్లో కూర్చున్న డాక్టరు అలాంటి మచ్చ చూస్తే ఫ్లోరోసిస్ అని రాస్తాడు, ఇంకో ఊళ్లో అదే మచ్చను సందేహాస్పదం అని వదిలేస్తాడు. ఆయన మోసం చెయ్యడం లేదు, మనిషి కన్ను అంతే. దీని దిశ ఏమిటి? తేడాను పెంచుతుంది. మనకు ప్రతికూలం.

దీనికి సాధారణంగా వచ్చే జవాబు, "సార్, అదే డాక్టరు కొందరు పిల్లలను రెండోసారి చూశాడు, కప్పా 0.8 పైన వచ్చింది." రెండుసార్లు రాసినవి ఎంతగా కలిశాయో చెప్పే ఆ కప్పా మంచిదే, కానీ ఇక్కడ అది పనికిరాదు. ఎప్పుడు తూచినా కిలోకు వంద గ్రాములు తక్కువ చూపే కాటా ఉందనుకోండి. పదిసార్లు తూచినా ఒకే బరువు చూపిస్తుంది. నిలకడగా ఉంది కాబట్టి సరిగ్గా ఉందనలేం కదా. ఒకే మనిషి, ఒకే ఊళ్లో, అదే పిల్ల నోటిలోకి రెండుసార్లు చూస్తే నిలకడ తెలుస్తుంది, మొగ్గు తెలియదు. ఊరు పేరు తెలియని రెండో డాక్టరుకు ఫొటోలు చూపించి రాయించి ఉంటే కొంత తెలిసేది. అది చెయ్యలేదు, ఫొటోలు కూడా తీయలేదు అనుకుందాం.

మరి చేతులెత్తేయాలా? లేదు, ఉన్న డేటాలోనే ఒక పని చెయ్యొచ్చు. మొగ్గు ఎక్కడ పనిచేస్తుంది? సన్నని గీత దగ్గర. కాబట్టి ఆ గీతకు దూరంగా జరిగి మళ్లీ లెక్కపెట్టండి. మధ్యస్థం, తీవ్రం మాత్రమే తీసుకోండి. ఊరి పేరు తెలిసినంత మాత్రాన తెల్లటి పన్ను గోధుమరంగులో కనపడదు. మన ఉదాహరణలో అలా లెక్కపెడితే ఎక్కువ ఫ్లోరైడ్ ఊళ్లలో 160లో 24, అంటే 15 శాతం. తక్కువ ఊళ్లలో 180లో 4, అంటే 2 శాతం. తేడా నిలిచింది. ఇప్పుడు నిజాయితీగా ఏం రాయొచ్చు? "రెండు వర్గాల మధ్య తేడా ఉందన్న మాటను ఈ లోపం ఒక్కదానితోనే వివరించడం కుదరదు. కానీ స్వల్ప స్థాయుల్లో తేడా ఎంతన్న అంకెను ఇది పెంచి ఉండవచ్చు. ఎంత పెంచిందో ఈ డేటాతో చెప్పలేము." మొదటి సగం మిమ్మల్ని కాపాడుతుంది, రెండో సగం చదివేవాణ్ణి కాపాడుతుంది. ఒకదాన్ని ఉంచి ఇంకోదాన్ని తీసేయొద్దు.

ఒకవేళ మళ్లీ లెక్కపెడితే తేడా పోయిందనుకోండి? అప్పుడిక అది లిమిటేషన్ కాదు, అదే ఫలితం. ఫలితాల అధ్యాయంలో రాయాలి.

మూడోది, బడికి రాని పిల్లలు. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇక్కడ లెక్క చేతిలో ఉంది, అయినా ఎవరూ వెయ్యరు.

మన ఊళ్లలో వానలు లేకపోతే ఇంటికి తాళం పడుతుంది. బెంగళూరుకు పనులకు పోతారు, ఆదోని వైపు సుగ్గికి పోయినారంటారు. పిల్లలను వెంట తీసుకుపోతారు, పేరు మాత్రం బడి రిజిస్టరులో ఉంటుంది. రిజిస్టరులో రెండు వైపులా 200 మంది చొప్పున ఉన్నారు. ఎక్కువ ఫ్లోరైడ్ ఊళ్లలో 160 మంది దొరికారు, 40 మంది లేరు. తక్కువ ఊళ్లలో 180 మంది దొరికారు, 20 మంది లేరు. మామూలుగా రాసే వాక్యం ఏది? "కొందరు విద్యార్థులు గైర్హాజరు కావడం ఈ అధ్యయనానికి ఒక పరిమితి." సరే, అయితే ఏమైనట్టు?

అత్యంత చెడ్డ పరిస్థితిని ఊహించుకుందాం. ఎక్కువ ఫ్లోరైడ్ ఊళ్లలో లేని 40 మందిలో ఒక్కరికీ గార లేదనుకోండి. అప్పుడు 200లో 96, అంటే 48 శాతం. తక్కువ ఊళ్లలో లేని 20 మందికీ గార ఉందనుకోండి. 36కు 20 కలిపితే 56, అంటే 28 శాతం. తేడా 40 పాయింట్ల నుంచి 20కి పడిపోయింది గాని మాయం కాలేదు. వాస్తవంలో ఇంత అన్యాయంగా జరగదు కూడా. మన పక్షాన ఎంత దూరం పోవచ్చో కూడా చూడండి: అటు 40 మందికీ ఉందంటే 68 శాతం, ఇటు 20 మందిలో ఒక్కరికీ లేదంటే 18 శాతం.

కాగితం మీద అర నిమిషం కూడిక ఇది. కానీ చూడండి, ఇప్పుడు రాయగలిగిన వాక్యం ఎలా మారిపోయిందో: "గైర్హాజరైన పిల్లల గురించి ఎంత ప్రతికూలంగా ఊహించినా రెండు వర్గాల మధ్య 20 పాయింట్ల తేడా మిగులుతుంది. కానీ ఎక్కువ ఫ్లోరైడ్ ఊళ్లలో ఫ్లోరోసిస్ 60 శాతం అన్న అంకెను కచ్చితమైనదిగా తీసుకోకూడదు. అది 48, 68 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు." మళ్లీ అదే సంగతి చూడండి. తేడా అన్న మాట బతికింది, 60 శాతం అన్న మాటకు దెబ్బ తగిలింది. జిల్లా అధికారులు ఎంతమంది పిల్లలకు వైద్యం కావాలో లెక్క వేసుకోవడానికి ఆ 60ని వాడబోతే, వాళ్లను ముందే హెచ్చరించినట్టు అయింది.

ఒక జాగ్రత్త. ఈ లెక్క గైర్హాజరు ఒక్కదాని గురించే. శాంపిల్ వల్ల వచ్చే అనిశ్చితి దీనికి అదనం. రెండింటినీ కలిపేసి ఏ లోపమూ నన్నేమీ చెయ్యలేదని రాస్తే వైవాలో దొరికిపోతారు.

శాంపిల్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. ఈ అధ్యయనంలో పిల్లలు 340 మంది, కానీ ఊళ్లు ఎనిమిదే. ఒక ఊరి పిల్లలందరూ ఒకే బోరు నీళ్లు తాగినవాళ్లు, కాబట్టి వాళ్లు 340 వేర్వేరు సాక్షులు కాదు. దీన్ని పట్టించుకోకుండా మామూలు కై స్క్వేర్ వేసి, లిమిటేషన్స్‌లో "క్లస్టరింగ్‌ను పరిగణించలేదు" అని రాయడం నేను చూస్తుంటాను. ఇంటికప్పు కారుతుంటే దాని గురించి నోటీసు అంటించడం ఎందుకు, ఎక్కి బాగుచెయ్యండి. ఊరిని లెక్కలోకి తీసుకునే పద్ధతులున్నాయి. గణాంకాలు తెలిసినవాళ్లను అడిగి విశ్లేషణ మళ్లీ చెయ్యండి. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ వెడల్పు అవుతుంది, కానివ్వండి. చేతిలో ఉన్న డేటాతో సరిదిద్దగలిగింది లిమిటేషన్ కాదు, మిగిలిపోయిన పని. సరిదిద్దాక కూడా మిగిలేది, అంటే ఎనిమిది ఊళ్లే ఉన్నాయన్నది, అసలైన పరిమితి.

అలాగే పన్నెండేళ్ల పిల్లలనే తీసుకోవడం లిమిటేషన్ కాదు. అది మీరు తెలిసి చేసిన ఎంపిక, కారణంతో సహా పద్ధతుల అధ్యాయంలో ఉండాలి. దానికి క్షమాపణ అక్కర్లేదు.

"ఇతర ప్రాంతాలకు అన్వయించలేము" అన్న వాక్యం గురించి రెండే మాటలు. ఎవరికి అన్వయించవచ్చో చెప్పండి, అది ఉపయోగపడుతుంది. గ్రానైట్ రాతి నేల, బోరే ఆధారం, పైపు నీళ్లు అరకొరగా వచ్చే ఊళ్లు, ఇలా మీ ఊళ్లు ఎలాంటివో రాస్తే చదివేవాడు తన ఊరు అలాంటిదో కాదో తనే చూసుకుంటాడు. శీర్షిక కూడా అందుకు తగ్గట్టు ఉండాలి. ఎనిమిది ఊళ్లు చూసి "అనంతపురం జిల్లాలో దంత ఫ్లోరోసిస్" అని పేరు పెడితే లోపల ఎంత వినయంగా రాసినా లాభం లేదు. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయింది, పుట్టపర్తి, కదిరి, హిందూపురం అటు పోయినాయి. మీ డేటా ఏ అనంతపురానిదో కూడా రాయాలి.

ఇప్పుడు మన విద్యార్థిని పేరాను తిరగరాద్దాం. నోట్ చేసుకునేవాళ్ల కోసం నెమ్మదిగా చదువుతాను.

"నీటి నమూనాలను సర్వే సమయంలో ఒక్కసారే తీశాము. పిల్లల పళ్లు ఏర్పడిన ఏళ్లలో వాళ్లు తాగిన నీరు ఇదే కాకపోవచ్చు. ఎనిమిది ఊళ్లలో మూడింటిలో ఆ తర్వాత బోరు మారిందని స్థానికులు చెప్పారు. ఇందువల్ల రెండు వర్గాల మధ్య తేడా తక్కువగా కనిపించి ఉండే అవకాశం ఎక్కువ. తక్కువ ఫ్లోరైడ్ ఊళ్లలో కనిపించిన 20 శాతం మాత్రం వాస్తవం కంటే ఎక్కువై ఉండవచ్చు. కాబట్టి 1.5 హద్దు సరిపోతుందా లేదా అన్న ప్రశ్నకు ఈ అధ్యయనం జవాబివ్వదు. పళ్లు పరీక్షించిన వైద్యునికి ఆయా ఊళ్ల నీటి స్థితి తెలుసు. ఇది తేడాను పెంచే లోపం. మధ్యస్థ, తీవ్ర స్థాయులను మాత్రమే లెక్కించినా తేడా నిలిచింది (15, 2 శాతం). స్వల్ప స్థాయుల్లో తేడా ఎంత పెరిగి కనిపించిందో చెప్పలేము. గైర్హాజరైన 60 మందిని ఎంత ప్రతికూలంగా ఊహించినా 20 పాయింట్ల తేడా మిగులుతుంది."

ఇందులో "అయినప్పటికీ ఈ అధ్యయనం ఎంతో విలువైనది" అన్న వాక్యం లేదు, గమనించారా? అవసరం లేదు. ఏది నిలబడిందో ప్రతి లోపం పక్కనే చెప్పేశాం. ఈ పేరాను చివరి పేజీలో దాచకుండా చర్చ అధ్యాయంలోనే, ఫలితాల గురించి మాట్లాడిన వెంటనే పెట్టండి. అబ్‌స్ట్రాక్ట్‌లో కూడా ఒక్క వాక్యం ఉండాలి. నాకైతే ఆ వాక్యం వైద్యునికి ఊరి సంగతి తెలుసన్నదే కావాలి, ఎందుకంటే అదే మన ఫలితానికి ఎదురుగా పనిచేసేది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మా గైడ్ గారు లిమిటేషన్స్ తగ్గించమంటున్నారు. మనమే చెప్తే రివ్యూయర్లకు ఆయుధం ఇచ్చినట్టవుతుందంటున్నారు.)

గైడ్ గారితో వాదానికి దిగొద్దమ్మా, డిగ్రీ రావాలి కదా. (నవ్వులు) ఆయన మాటలో కొంత నిజం కూడా ఉంది. వట్టి లోపాన్ని రాసి వదిలేస్తే అది ఆయుధమే. "డాక్టరుకు ఊరి సంగతి తెలుసు" అని రాసి ఆపేస్తే రివ్యూయర్ దాన్నే పట్టుకుని కూర్చుంటాడు. దాని పక్కనే 15, 2 శాతాల లెక్క ఉంటే అతను అడగబోయే ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. గైడ్ గారి దగ్గరకు లోపాన్ని ఒక్కదాన్నే తీసుకుపోవద్దు, లెక్కతో సహా తీసుకుపోండి. అప్పుడు కూడా తీసెయ్యమంటే, ఏది తీసేస్తే ముగింపులో ఏ మాట తీసెయ్యాల్సి వస్తుందో చూపించండి.

(ఒక విద్యార్థి: మాది సోషల్ వర్క్ సార్. ఇరవై మందితో ఇంటర్వ్యూలు చేశాను. మాకు శాతాలు లేవు, దిశ ఎలా చెప్పాలి?)

అంకె లేకపోయినా దిశ ఉంటుందప్పా. దేని మీద ఇంటర్వ్యూలు?

(విద్యార్థి: వలసపోయి వచ్చిన ఆడవాళ్ల మీద. ఊళ్లో సంఘం లీడరు ద్వారా వాళ్లను కలిశాను.)

అయితే నీ లోపం ఇరవై మందే ఉన్నారన్నది కాదు. "శాంపిల్ చిన్నది" అని రాయొద్దు, నీ పద్ధతికి అది లోపం కాదు. లీడరు ఎవరిని చూపించింది? తనతో సఖ్యంగా ఉన్నవాళ్లను, మాట్లాడగలిగేవాళ్లను, తిరిగి వచ్చి కాస్త నిలదొక్కుకున్నవాళ్లను. అప్పులపాలై మళ్లీ పోయినవాళ్లు నీకు కనపడరు. సంఘం గురించి చెడ్డగా మాట్లాడేవాళ్లూ కనపడరు. కాబట్టి "సంఘం అప్పు వలసను తగ్గించింది" అని నీ ఇంటర్వ్యూలలో ఎక్కువగా వినిపించి ఉంటే, ఆ మాట అలా ఎక్కువగా వినిపించడానికే నీ దారి అనుకూలం. దిశ దొరికింది కదా? వలసపోయినచోట వాళ్లు పడిన కష్టాల వివరాలకు మాత్రం ఈ లోపం అంతగా తగలదు. ఇంకా గడువుంటే లీడరుతో సంబంధం లేకుండా ఒక ముగ్గురు నలుగురిని వెతికి మాట్లాడు. రేషన్ షాపు దగ్గర అడుగు, బడిలో పిల్లల రిజిస్టరు చూసి అడుగు. వాళ్లు వేరే మాట చెప్తే ఆ మాటను ఫలితాల్లో రాయి. అదే మాట చెప్తే, ఎంతమందిని ఎలా వెతికావో లిమిటేషన్స్‌లో రాయి.